రస్కు ప్యాకెట్ వెనక 471 అంకె, దాని చుట్టూ ఎర్ర గీత

ప్రశ్న: సార్, మా ఆయనా నేనూ రేణిగుంట రోడ్డులో చిన్న రస్కు, బన్ను యూనిట్ నడుపుతున్నాం. ఐదు రోజులుగా వాట్సాప్‌లో మా ప్యాకెట్ వెనక వైపు ఫోటో తిరుగుతోంది. ఐఎన్ఎస్ 471 అన్నచోట ఎర్రగా సున్నా చుట్టి "ఇది పంది కొవ్వు, కొండకు వెళ్లేవాళ్లు జాగ్రత్త, పది మందికి పంపండి" అని రాశారు. ఫేస్‌బుక్ లోకల్ పేజీలో కామెంట్లు ఆగడం లేదు. నిన్న ముగ్గురు కొట్టువాళ్లు సరుకు వెనక్కి పంపేశారు. మా అబ్బాయి కోపంతో "కేసు పెడతాం" అని కామెంట్ పెట్టాడు, దాంతో ఇంకా ఎక్కువైంది. ల్యాబ్‌లో పంది డీఎన్ఏ టెస్ట్ చేయించి పోస్టర్లు వేయించమని ఒకాయన సలహా ఇచ్చాడు. చేయించమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, ముందు ఆ పోస్టర్లు ఆపండి. డీఎన్ఏ టెస్ట్ కూడా ఆపండి, ఎందుకో కింద చెబుతాను. మీ అబ్బాయి పెట్టిన కామెంట్‌ను ఇప్పుడే తీసేయించండి. నేను కింద చెప్పే పత్రం చేతికి వచ్చేదాకా మీ వైపు నుంచి ఒక్క మాట కూడా బయటికి వెళ్లకూడదు. మౌనంగా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని మీకు భయంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మీరు చెప్పబోయే జవాబు మొత్తం ఒక్క కాగితం మీద నిలబడుతుంది. ఆ కాగితం చేతికి రాకముందే మాట్లాడితే, రేపు ఆ మాటను మీరే మార్చుకోవాల్సి వస్తుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా బేకరీ, బిస్కెట్ యూనిట్లలో క్వాలిటీ పని చూశాను. ఇప్పుడు చిత్తూరు, పలమనేరు, పుత్తూరు వైపు చిన్న యూనిట్లకు లేబుళ్లు, లైసెన్సుల విషయంలో సాయం చేస్తుంటాను. ఈ 471 పుకారు నాకు కొత్త కాదు. ప్యాకెట్ మారుతుంది, ఊరు మారుతుంది, అంకె మాత్రం అదే ఉంటుంది.

ఇందులో మీరు ముందుగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఫార్వర్డ్ మీ రస్కు విషయంలో అబద్ధం కావచ్చు, కానీ అది గాలిలోంచి పుట్టలేదు. 471 అంటే మోనో, డై గ్లిజరైడ్లు, అంటే పిండిలో నీళ్లూ కొవ్వూ విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫైయర్. మీ బేకింగ్ మాస్టర్ జీఎంఎస్ అనే తెల్ల పొడి కూడా ఆ కోవలోదే. నూనెనో కొవ్వునో గ్లిజరిన్‌తో కలిపి బాగా వేడి చేస్తే అది వస్తుంది. ఆ నూనె పామాయిల్ కావచ్చు, సోయా కావచ్చు, జంతువు కొవ్వు కూడా కావచ్చు. ఏది వాడినా చివరికి వచ్చే పదార్థం ఒకటే, అంకె కూడా ఒకటే. మన దగ్గర బేకరీ సరుకు అమ్మే చోట దొరికేది సాధారణంగా పామాయిల్‌తో చేసిందే. అయినా అంకెను చూసి ఆ మాట చెప్పలేం. అందుకే "471 పంది కొవ్వు కాదు" అని మీరు ఎక్కడా రాయకండి. అలా రాసిన పావుగంటలో ఎవరో ఒకరు "జంతువుల నుంచి కూడా చేయవచ్చు" అని ఉన్న పేజీని కామెంట్లో పెడతారు. వాళ్లు పెట్టింది నిజమే అవుతుంది, అప్పుడు మీరు అబద్ధం చెప్పినవాళ్లు అవుతారు. మీరు చెప్పాల్సింది "మేము వాడే 471 పామాయిల్‌తో చేసింది, ఇదిగో రుజువు" అని. ఈ రెండు మాటల మధ్య తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక కేసులో ఈ మాటే చెప్పింది. పదార్థానికి కోడ్ నెంబరు ఒక్కటే రాస్తే చాలదు, అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ల్యాబ్‌లో తయారైందా అన్నది కూడా తెలపాలని ఆదేశించింది. ఆ వివరం తెలుసుకోవడం తినేవాళ్ల హక్కు. కాబట్టి మీ కామెంట్లలో అడుగుతున్న వాళ్లందరినీ శత్రువులుగా చూడకండి. 2024లో లడ్డూ నెయ్యి గొడవ జరిగిన తర్వాత మన ఊళ్లో కొవ్వు అనే మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్నారు. కొండకు వెళ్లే భక్తులకు ఎంత పట్టింపు ఉంటుందో, మదనపల్లెలోనో ఇక్కడో ఉన్న ముస్లిం కుటుంబాలకు కూడా ఈ విషయంలో అంతే పట్టింపు ఉంటుంది. వాళ్ల అనుమానం న్యాయమైనదే అన్న మర్యాద మీ జవాబులో కనపడాలి.

ఇక స్టోర్ రూమ్‌కు వెళ్లండి. జీఎంఎస్ మూట, బ్రెడ్ ఇంప్రూవర్ డబ్బా, కేక్ జెల్, డాల్డా లాంటి బేకరీ కొవ్వు ఏది వాడుతుంటే అది, అన్నీ బయట పెట్టండి. ప్రతి దాని లేబుల్‌ను నాలుగు వైపులా ఫోటో తీయండి. తయారు చేసిన కంపెనీ పేరు, బ్యాచ్ నెంబరు, తయారీ తేదీ, ఆకుపచ్చ చుక్క ఉన్నాయో లేదో చూడండి. తర్వాత మీరు కొన్న డీలర్‌కు ఫోన్ చేసి, ఆ కంపెనీ నుంచి మూల ధృవీకరణ పత్రం తెప్పించమనండి. డీలర్ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చేది పనికిరాదు. తయారు చేసిన కంపెనీయే ఇవ్వాలి. అందులో సరుకు పేరు, మీ దగ్గరున్న బ్యాచ్ నెంబరు, ఏ నూనెతో చేశారు అన్న మాట, అదే యంత్రాల మీద జంతువుల కొవ్వుతో మరే సరుకూ చేయడం లేదన్న హామీ, సంతకం, సీలు, తేదీ ఉండాలి. పేరున్న తయారీదారులు ఎగుమతుల కోసం, హలాల్ సర్టిఫికెట్ కోసం ఇలాంటివి ముందే సిద్ధంగా ఉంచుకుంటారు కాబట్టి ఒకటి రెండు రోజుల్లో మెయిల్‌లో వచ్చేస్తుంది.

ఇక్కడ చిన్న యూనిట్లు తరచూ దెబ్బతినే చోటు ఒకటుంది. డీలర్ పెద్ద మూట విప్పి, కిలో కిలో చొప్పున మామూలు కవర్లలో కట్టి అమ్ముతాడు. ఆ కవర్ మీద ఏమీ ఉండదు. కంపెనీ పత్రం ఎంత బాగున్నా, మీ కవర్లో ఉన్నది ఆ మూటలోదే అని చూపించే దారి లేదు. మీదీ అలాంటి సరుకే అయితే దాన్ని ఈ రోజే పక్కన పెట్టి, సీలున్న మూట కొనండి. పాత ప్యాకెట్ల గురించి మీకు తెలియనిది తెలిసినట్టు చెప్పకండి. "ఫలానా తేదీ నుంచి చేసే ప్రతి ప్యాకెట్‌లో ఈ కంపెనీ, ఈ బ్యాచ్ సరుకు వాడుతున్నాం, పత్రం ఇదిగో" అని మాత్రమే చెప్పండి. తక్కువ చెప్పినట్టు అనిపిస్తుంది, కానీ ఆ మాటను ఎవరూ పడగొట్టలేరు.

ఇంకో డబ్బాను కూడా జాగ్రత్తగా చూడండి, అది బ్రెడ్ ఇంప్రూవర్. జనం 471 మీద పడ్డారు గానీ, నాకైతే ముందు అనుమానం ఇంప్రూవర్ మీదే వస్తుంది. అది ఒకే పదార్థం కాదు, నాలుగైదు కలిపిన పొడి. వాటిలో ఒక్కోసారి 920 ఉంటుంది. దాని పేరు ఎల్-సిస్టీన్, పిండిని సాగేలా మెత్తబరుస్తుంది. దాన్ని ఇప్పుడు పులియబెట్టే పద్ధతిలోనూ చేస్తున్నారు, ఈకల నుంచీ వెంట్రుకల నుంచీ తీసేది కూడా ఉంది. మీ ఇంప్రూవర్‌లో 920 ఉంటే దాని మూలం ఏమిటో కూడా అదే పత్రంలో అడగండి. 471 గురించి గట్టిగా జవాబు చెప్పిన మర్నాడే ఎవరో 920 చుట్టూ సున్నా గీస్తే, మొదటి జవాబును కూడా ఎవరూ నమ్మరు.

ఒకవేళ, అలా జరగదనే అనుకుంటున్నాను, ఏదో ఒకటి జంతువు నుంచి వచ్చిందని పత్రంలోనే తేలితే ఇక ఇది పుకారు కాదు. ఆకుపచ్చ చుక్కతో ఆ సరుకు అమ్మకూడదు. అమ్మకం ఆపి, కొట్లలో ఉన్నది వెనక్కి తెప్పించి, ఫుడ్ సేఫ్టీ వాళ్లకు మీరే చెప్పాలి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇప్పుడు డీఎన్ఏ టెస్ట్ సంగతి. కొన్నేళ్ల క్రితం నేనే ఈ తప్పు చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అప్పుడు నేను పనిచేసే బన్ను యూనిట్ మీద ఇదే పుకారు వచ్చింది. మా ఓనర్ కంగారు చూసి నేను బన్నులు ల్యాబ్‌కు పంపించి పంది డీఎన్ఏ టెస్ట్ చేయించాను. "కనబడలేదు" అని రిపోర్టు వచ్చింది. సంతోషంగా దాన్ని గ్రూపుల్లో పెట్టాం. రెండు గంటల్లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆయన అడిగారు: "కొవ్వును అంత వేడి చేసి, శుద్ధి చేసి తీసిన ఎమల్సిఫైయర్‌లో డీఎన్ఏ మిగలదు కదా. నిజంగా పంది కొవ్వుతో చేసినా ఈ రిపోర్టు ఇలాగే వస్తుంది. మరి దీన్ని ఎందుకు చూపిస్తున్నారు?" ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర జవాబు లేదు. పుకారు పుట్టించిన వాళ్ల కంటే నా రిపోర్టే మాకు ఎక్కువ నష్టం చేసింది, ఎందుకంటే అప్పటి నుంచి "వీళ్లు జనాన్ని మోసం చేయాలని చూస్తున్నారు" అనే మాట మొదలైంది.

కొలెస్ట్రాల్ టెస్ట్ చేయిస్తే తెలుస్తుందని కూడా కొందరు చెబుతారు. జంతువుల కొవ్వులో కొలెస్ట్రాల్ ఉంటుంది, నూనెల్లో దాదాపు ఉండదు కాబట్టి వినడానికి బాగుంటుంది. కానీ మీ రస్కులో పాలపొడో వెన్నో ఉంటే అందులోంచే కొలెస్ట్రాల్ వస్తుంది. రిపోర్టులో ఆ అంకె చూసినవాడికి పాల కొలెస్ట్రాల్ అని మీరెంత చెప్పినా ఎక్కదు. మేము సాధారణంగా వంద కిలోల మైదాకు 300 నుంచి 500 గ్రాముల జీఎంఎస్ వేస్తాం. అంత కొద్దిగా వేసింది దేనితో చేశారో కాల్చిన రస్కును పరీక్షించి చెప్పడం చాలా కష్టం. అది తెలిసేది తయారైన చోటే. అందుకే కాగితం అంటున్నాను.

ల్యాబ్ అసలు వద్దని కాదు. మీ లైసెన్సు కోసం ఎలాగూ చేయించే మామూలు టెస్టుల రిపోర్టులు ఉంటే ఫైల్‌లో ఉంచండి. ఈ పుకారుకు జవాబుగా మాత్రం వాటిని చూపించకండి. అడిగిన ప్రశ్నకు సంబంధం లేని రిపోర్టు చూపిస్తే అనుమానం పెరుగుతుంది.

పోస్టర్ విషయంలో కూడా నా అనుభవమే చెబుతాను. ఆ రోజుల్లో మేము కొట్లలో అంటించిన పోస్టర్ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో "మా బన్నులో పంది కొవ్వు" అని ఒక వరుస, దాని కింద "లేదు" అని ఇంకో వరుస వేయించాం. పలమనేరులో ఒక కొట్టు దగ్గర నేను నిలబడి ఉండగా ఒక అవ్వ మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లాడు అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్నట్టున్నాడు. పోస్టర్ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "పం...ది...కొవ్వు" అని గట్టిగా చదివాడు. రెండో వరుసకు వాడు రాకముందే అవ్వ చేతిలో ఉన్న బన్నును మళ్లీ సీసాలో పెట్టేసింది. ఆమెకు అప్పటిదాకా ఆ పుకారే తెలియదు, దాన్ని ఆమె దాకా మోసుకొచ్చింది మా పోస్టరే. కొట్టాయన నా వైపు చూసి "తీసేస్తా సార్, ఇది ఉన్నంతసేపూ నాకు ఇదే పని" అన్నాడు.

కాబట్టి మీ జవాబులో మొదటి వరుస మీ రస్కులో ఏముందో చెప్పాలి, ఏం లేదో కాదు. పుకారు ప్రస్తావన మధ్యలో ఒక్కసారి రావాలి, అది కూడా ఆ బూతు మాట లేకుండా. చివర మళ్లీ మీ నిజంతోనే ముగియాలి. ఆ ఎర్ర సున్నా ఉన్న ఫోటో మీద "తప్పు" అని అడ్డగీత కొట్టి మాత్రం పెట్టకండి. వాట్సాప్‌లో చిన్నగా కనిపించేటప్పుడు గీత కనబడదు, ఎర్ర సున్నా కనబడుతుంది. మీ కోసం ఒక నమూనా రాశాను, మీ వివరాలు మార్చుకోండి:

"మా రస్కులో వాడే ఎమల్సిఫైయర్ (ఐఎన్ఎస్ 471) పామాయిల్‌తో చేసింది. దాన్ని తయారు చేసిన కంపెనీ ఇచ్చిన పత్రం ఇక్కడే ఉంది, బ్యాచ్ నెంబరు పత్రంలో చూడవచ్చు. వంద కిలోల మైదాకు మేము 400 గ్రాములు వేస్తాం, రస్కు లోపల ఒకేలా గుల్లగా రావడానికి. ఇది జంతువుల నుంచి తీసిందని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, మా సరుకు విషయంలో అది నిజం కాదు. 471 అనే అంకె పదార్థం ఏ రకమో చెబుతుంది, దేనితో చేశారో చెప్పదు. మీకు అనుమానం రావడంలో తప్పు లేదు. ఈ శని, ఆదివారాల్లో ఉదయం 10 నుంచి 12 వరకు మా యూనిట్‌కు రండి, మూట, బిల్లు, పత్రం మూడూ చూపిస్తాం. మా రస్కులో ఉన్నవి మైదా, చక్కెర, పామాయిల్, పాలపొడి, ఈస్ట్, ఉప్పు, పామాయిల్‌తో చేసిన ఎమల్సిఫైయర్." కింద తేదీ, మీ ఫోన్ నెంబరు, ప్యాకెట్ మీద ఉండే 14 అంకెల ఫుడ్ లైసెన్సు నెంబరు.

పదార్థాల వరుస మీ ప్యాకెట్ మీద ఉన్న వరుసతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉంటారు. తేదీ తప్పకుండా వేయండి. పత్రం ఫోటో, ఈ మాటలు రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. వేరువేరుగా పంపితే పత్రం ఒక చోట, మాటలు ఒక చోట తిరుగుతాయి. చదవలేని వాళ్ల కోసం ఇదే విషయాన్ని మీ గొంతుతో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా చేయండి, మీ పేరు చెప్పి మొదలుపెట్టండి. మీ అబ్బాయి కాదు, మీరే మాట్లాడండి. నగరి, పుత్తూరు వైపు మీ సరుకు వెళ్తుంటే అరవంలో ఒకటి చేయించండి. ఆ వైపు గ్రూపుల్లో ఫార్వర్డ్ అరవంలో తిరుగుతుంటే తెలుగు జవాబు అక్కడికి చేరదు.

పుకారు తిరిగే దారిలోనే జవాబు కూడా తిరగాలని ఎందుకు అంటున్నానో చెప్పడానికి పాత సంగతి ఒకటి చెబుతాను. 1976లో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం బయలుదేరింది. ఈ నెంబర్లున్న పదార్థాల్లో క్యాన్సర్ తెచ్చేవి ఇవీ అని జాబితా, దానికి ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న విల్‌జ్విఫ్ అనే ఊరి పేరు తగిలించారు. అందులో అన్నిటికంటే ప్రమాదమని రాసింది 330ని. 330 అంటే మన ఇళ్లలో వాడే నిమ్మ ఉప్పు. ఆ కరపత్రంతో తమకు సంబంధం లేదని ఆ ఆసుపత్రి ఎన్నిసార్లు చెప్పినా, జనం జిరాక్సులు తీసి బడుల్లో, ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పంచుతూనే ఉన్నారు. ఖండన పేపర్లలో వచ్చింది, కరపత్రం మాత్రం చేతుల్లో తిరిగింది. రెండూ ఒకే దారిలో నడవలేదు. మీరు కూడా పేపర్లో ప్రకటన ఇచ్చి ఊరుకుంటే అదే జరుగుతుంది. పుకారు ఏ చేతుల మీదుగా వచ్చిందో జవాబు ఆ చేతుల్లోకే వెళ్లాలి.

పంపే వరుస ఇలా పెట్టుకోండి. మొదట సరుకు వెనక్కి పంపిన ఆ ముగ్గురు కొట్టువాళ్ల దగ్గరికి మీరూ మీ ఆయనా స్వయంగా వెళ్లండి. మెసేజ్ కాదు, పత్రం ప్రింటు ఒకటి చేతికివ్వండి. కొట్టాయనకు ఎమల్సిఫైయర్ గురించి పాఠం చెప్పకండి. ఎవరైనా వచ్చి "ఏమన్నా, ఈ రస్కులో ఏందో కలుపుతారంట గదా" అంటే ఆయన చెప్పాల్సింది ఒక్క మాట: "పామాయిల్‌దేనంట, కాగితం ఇచ్చిపోయినారు, చూస్తావా?" ఆ కాగితం తీసి చూపిస్తే చాలు. చాలామంది చదవరు కూడా, ఉందని తెలిస్తే చాలు వాళ్లకు. ఆ తర్వాత మీ డిస్ట్రిబ్యూటర్, లైన్ మీద తిరిగే కుర్రాళ్లు. ఆ రోజు సాయంత్రమే మిగతా కొట్లన్నిటికీ వాట్సాప్‌లో పంపండి. బయట జనం కంటే ముందు కొట్లకు తెలియాలి.

గ్రూపుల్లో మీరు స్వయంగా లేకపోతే, ఆ ఫార్వర్డ్ పెట్టిన వాళ్లలో మీకు తెలిసినవాళ్లెవరో కనుక్కోండి. మన ఊళ్లో ఇది కష్టం కాదు, మూడో మనిషి దగ్గరికల్లా మన చుట్టమో పక్కింటివాళ్లో తేలతారు. వాళ్లకు విడిగా ఫోన్ చేయండి. "ఎందుకు పెట్టావు" అని అడగకండి. "అక్కా, నువ్వు పెట్టింది చూశాను, మంచికే పెట్టి ఉంటావు. ఇదిగో కంపెనీ పత్రం, దీన్ని కూడా అదే గ్రూపులో పెడతావా" అనండి. పెట్టిన మనిషే సవరణ పెడితే దానికున్న బరువు మీ మాటకు ఉండదు. పాత మెసేజ్ తీసేయమని బలవంతం చేయకండి. అందరికీ కనబడకుండా తీసేసే గడువు వాట్సాప్‌లో సుమారు రెండున్నర రోజులే, మీది ఐదు రోజుల నాటిది. ఇప్పుడు ఆమె తీసేసినా ఆమె ఫోన్లో పోతుంది గానీ గ్రూపులో అలాగే ఉంటుంది.

ఒక వెసులుబాటు మీ వైపు ఉంది. బాగా తిరిగిన మెసేజ్‌కు వాట్సాప్ రెండు బాణాల గుర్తు పెడుతుంది, ఆ గుర్తు పడితే దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే ఫార్వర్డ్ చేయగలరు. ఆ ఎర్ర సున్నా ఫోటోకు ఈపాటికి ఆ గుర్తు పడి ఉంటుంది, చూడండి. మీ జవాబు కొత్తది కాబట్టి మొదట్లో ఒకసారికి ఐదు చాట్ల దాకా వెళ్తుంది.

ఫేస్‌బుక్ పేజీలో ప్రతి కామెంట్ కింద జవాబు రాయకండి. మీరు రాసిన ప్రతిసారీ ఆ పోస్టు మళ్లీ కొత్తవాళ్ల ముందుకు వచ్చే అవకాశం ఉంది. పేజీ నడిపేవాళ్లతో మాట్లాడి మీ జవాబును పైన పిన్ చేయమని అడగండి. ఎవరైనా నిజంగా ప్రశ్న అడిగితే ఒక్కసారి జవాబు చెప్పి ఆపేయండి. తిట్టేవాళ్లను వదిలేయండి. మీ సొంత పేజీలో ఉన్న కామెంట్లను మాత్రం డిలీట్ చేయకండి. డిలీట్ చేసిన కామెంట్ స్క్రీన్‌షాట్‌గా తిరిగి వస్తుంది, ఈసారి "నిజం బయటపడితే తీసేశారు" అన్న మాటతో. ఆకుపచ్చ చుక్క ఉంది కదా అని వాదించకండి. ఆ చుక్క తయారు చేసినవాళ్లు తామే వేసుకునేది, ప్రభుత్వం పరీక్షించి వేసే ముద్ర కాదని తెలిసినవాళ్లు కామెంట్లలో ఉంటారు.

మీ ప్రాంతం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఒక అర్జీ ఇవ్వండి. ఇలా పుకారు నడుస్తోంది, మా పత్రాలు ఇవి, కావాలంటే వచ్చి శాంపిల్ తీసుకోండి అని రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు శాంపిల్ తీసుకుంటే నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, అనలిస్ట్ మామూలుగా 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు మూలాన్ని తేల్చదు, ఇందాక చెప్పినట్టే. కానీ ఎవరైనా అక్కడ ఫిర్యాదు చేసినప్పుడు మీరే ముందు వెళ్లారన్నది రికార్డులో ఉంటుంది.

కేసు గురించి మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. చాలామంది ఇంకా "66ఏ కింద లోపలేయిస్తాం" అని బెదిరిస్తుంటారు. ఆ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. పరువు నష్టం దావాకు దారి ఉంది, కానీ ఫార్వర్డ్ చేసిన వందలాది మందిలో ఎవరి మీద వేస్తారు? వాళ్లంతా మీ కొనుగోలుదార్లే. మీ పోటీదారు ఎవరైనా కావాలని మొదలుపెట్టినట్టు గట్టి ఆధారం దొరికితే, అప్పుడు స్క్రీన్‌షాట్లు, తేదీలు, నెంబర్లతో వకీలు దగ్గరికి వెళ్లండి. అందుకోసం ఈ రోజు నుంచే వచ్చిన ప్రతి మెసేజ్‌ను తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి. ఊహ మీద ఎవరి పేరూ ఎత్తకండి.

పుకారు తగ్గుతోందా లేదా అన్నది కామెంట్ల లెక్కలో చూడకండి, కొట్లలో చూడండి. రోజుకు ఎంత సరుకు వెనక్కి వస్తోంది, ఎంతమంది అడుగుతున్నారు అని లైన్ కుర్రాళ్లతో ఒక నోట్‌బుక్‌లో రాయించండి. అడిగేవాళ్లు తగ్గి, వెనక్కి రావడం ఆగితే మీరు కూడా ఆపేయండి. అప్పటికీ జవాబును మళ్లీ మళ్లీ పోస్ట్ చేస్తుంటే మరిచిపోయినవాళ్లకు మీరే గుర్తుచేసినట్టు అవుతుంది. తర్వాతిసారి ప్యాకెట్ కవర్లు ప్రింటుకు ఇచ్చేటప్పుడు మాత్రం ఆ అంకె పక్కన దాని మూలం కూడా వేయించండి: "ఎమల్సిఫైయర్ (ఐఎన్ఎస్ 471, మొక్కల నూనె నుంచి)". ప్రతి కొత్త మూటకు కంపెనీ పత్రం వచ్చాకే దాన్ని వాడకానికి తీయండి, ఏ బ్యాచ్ మూట ఏ తేదీ రస్కులోకి వెళ్లిందో రిజిస్టర్‌లో రాయండి.

చివరగా, ఆ ముగ్గురు కొట్టువాళ్లు వెనక్కి పంపిన పెట్టెలు. డబ్బు వాపసు ఇవ్వండి, వాదించకండి. ఆ పెట్టెలను వేరే ఊరి కొట్లకు మళ్లించకండి. ఎండలో ఆటోల్లో రెండుసార్లు తిరిగిన రస్కు ప్యాకెట్లలో కొన్నిటికి సీలు ఊడి, తేమ పట్టి ఉంటుంది. ఇప్పుడున్న పరిస్థితిలో బూజు పట్టిన ఒక్క ప్యాకెట్ ఫోటో బయటికి వస్తే దానికి ఏ పత్రమూ పనికిరాదు, ఎందుకంటే అది నిజం అవుతుంది. విప్పి చూసి, పాడైనవి లెక్క రాసి పారేయండి.

డీలర్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. కంపెనీ పత్రం రాగానే, మీ నెంబరు, డీలర్ నెంబరు కనబడకుండా మూసేసి ఫోటో తీసి నాకు చూపించండి. మూట మీద బ్యాచ్ నెంబరు ఉన్న ఫోటో కూడా దానితోపాటే పెట్టండి. రెండూ సరిపోయాయో లేదో చూసి, జవాబు బయటికి పంపే ముందు ఒకసారి చదివి పెడతాను.